రెండు పుస్తకాలు: ఒక కోనసీమ ఇంట్లో నాన్న మంచం, అన్నదమ్ముల లెక్క

అంబాజీపేటకి దగ్గర్లో ఒక ఊరు. కాలవ గట్టు మీద పెంకుటిల్లు, వెనకాల 60 సెంట్ల కొబ్బరితోట, కాస్త దూరంలో ఎకరం వరి చేను. ఆ ఇంటి పెద్దాయనకి 78 ఏళ్లు. ఒక నవంబరులో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట వస్తుంది కానీ ముద్దగా వస్తుంది. ఆయన భార్యకి 72. షుగరు ఉంది, మోకాళ్లు పట్టేసి కింద కూర్చోలేరు. ముగ్గురు పిల్లలు. పెద్దబ్బాయి ఊళ్లోనే ఉండి వ్యవసాయం చేస్తాడు, అమ్మానాన్నా అతని దగ్గరే. అమ్మాయి భీమవరంలో ఉంది, భర్తకి చిన్న వ్యాపారం. చిన్నబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం.

నేను అమలాపురంలో కుటుంబాలకి కౌన్సెలింగ్ చేస్తాను. ఇలాంటి ఇళ్లు చాలా చూశాను. ఈ ఇంటి సంగతి రాయడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చింది పెద్దబ్బాయి కాదు, అతని భార్య. సంక్రాంతికి అందరూ ఇంటికొచ్చారు, కనుమ నాడు గొడవైంది, చిన్నబ్బాయి భోజనం చెయ్యకుండానే కారెక్కి వెళ్లిపోయాడు. ఆమె నాతో అన్న మొదటి మాట, "మేడమ్, నాకు డబ్బులొద్దండి, ఒక్క రాత్రి నిద్ర కావాలండి."

గొడవ ఎలా మొదలైందో విడివిడిగా ముగ్గురినీ అడిగాను. పెద్దబ్బాయి ఇద్దరినీ "తలా 10,000 పంపండి" అన్నాడు. చిన్నబ్బాయి "నాన్న పొలం మీద, తోట మీద వచ్చేది ఏమవుతోంది?" అన్నాడు. దానికి పెద్దబ్బాయి, "నీ ఇంజినీరింగు సీటు కోసం 40 సెంట్లు అమ్మినప్పుడు ఈ లెక్కలు అడగలేదే" అన్నాడు. అమ్మాయి మధ్యలో సర్దబోయింది. "నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది చాలదా, నువ్వెందుకు మాట్లాడతావు" అని వదిన అంది. పావుగంటలో పాతికేళ్లు వెనక్కి వెళ్లిపోయారు. లోపల మంచం మీద ఉన్న నాన్నకి ఇదంతా వినపడింది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. 40 సెంట్లు అమ్మిన మాట నిజమే, పొలం ఆదాయం లెక్క చెప్పకపోవడమూ నిజమే. అయితే ఆ గంటలో నాన్నకి ఈ నెల ఏం కావాలో ఒక్కరూ మాట్లాడలేదు. నేను చేసిన పని ప్రధానంగా ఒక్కటే: సేవ లెక్కనీ ఆస్తి లెక్కనీ విడదీసి రెండు వేరు వేరు పుస్తకాల్లో పెట్టించడం. చెప్పడానికి తేలికే. చెయ్యడానికి ఐదు వారాలు పట్టింది.

ముందు నా పొరపాటు చెప్పాలి. మొదటిసారి మాట్లాడించడానికి అందరినీ ఆ ఇంట్లోనే కూర్చోబెట్టాను. పెద్దాయన ఎదురుగా ఉంటే అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడతారనుకున్నాను. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ఏడుపు, నవ్వు అదుపులో ఉండవు. చిన్న కారణానికే వెక్కి వెక్కి ఏడుస్తారు. అది మెదడుకి తగిలిన దెబ్బ వల్ల వచ్చేది. ఆయన ఏడవగానే పెద్దబ్బాయి తమ్ముడి వైపు తిరిగి, "చూశావా, నీ వల్లే" అన్నాడు. అక్కడితో ఆ కూర్చోవడం అయిపోయింది. అప్పటి నుంచి నేను ఏ ఇంట్లోనైనా మొదటి మాటలు పెద్దవాళ్ల చెవిన పడని చోటే పెట్టిస్తున్నాను. వాళ్లేం కోరుకుంటున్నారో ముందు రోజే విడిగా అడిగి రాసుకుంటాను.

తర్వాత వదినకి ఒక నోట్‌బుక్ ఇచ్చాను. రెండు వారాలు, ఏ పని ఏ టైముకి, ఎవరు చేశారు, ఎంతసేపు పట్టింది, ఇంతే రాయమన్నాను. ఆమె పదో తరగతి దాకా చదువుకుంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మొదటి రోజు పేజీ నాకింకా గుర్తుంది. "5-10 డైపరు మార్చి ఒళ్లు తుడవడం, నేను, ఆయన, 35 నిమిషాలు. 6-00 పక్క తిప్పడం. 7-30 ఇడ్లీ తినిపించడం, 40 నిమిషాలు." ఇడ్లీకి 40 నిమిషాలు ఎందుకని చిన్నబ్బాయి తర్వాత అడిగాడు. మింగడం కష్టమైన మనిషికి దిండ్లు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముక్కలు పెట్టి, ఒక్కోటీ మింగాడో లేదో చూసుకుని ఇంకోటి పెట్టాలి. తొందరపెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక ఇంకో అరగంట పడుకోబెట్టకూడదు. మంచానికే అతుక్కున్న మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పకపోతే నడుము కింద పుండ్లు పడతాయి. అంటే రాత్రి కూడా లేవాలి.

రెండు వారాల లెక్క కూడితే, రోజుకి సగటున వదిన పని ఆరు గంటలు, పెద్దబ్బాయిది రెండున్నర, అమ్మది రెండు. రాత్రి సగటున మూడుసార్లు లేవడం, ప్రతిసారీ వదినే. ఆ పద్నాలుగు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా ఏకధాటిగా మూడు గంటలు మించి నిద్రపోలేదు. ఇది చదివాక పెద్దబ్బాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నేను చూస్తున్నాను" అని అందరికీ చెప్పుకుంటున్న పనిలో ఎక్కువ భాగం భార్య చేస్తోందని అతనికి కాగితం మీద కనపడింది. మన ఇళ్లల్లో అన్నదమ్ములు వాటాలు మాట్లాడుకుంటారు, చేసే చేతులు కోడలివి. అందుకే వదిన లేకుండా మాట్లాడడానికి నేను ఒప్పుకోను. "ఆవిడ బయటి ఇంటి మనిషి కదండీ, ఇది మా అన్నదమ్ముల విషయం" అంటే, నోట్‌బుక్ తీసి ముందు పెడతాను.

ఆ తర్వాత డబ్బు. ఇక్కడ పెద్దబ్బాయితో నాకు గట్టిగానే వాదన అయింది. తమ్ముడిని అడిగే ముందు పొలం, తోట ఆదాయం నువ్వే కాగితం మీద పెట్టాలన్నాను. అతనికి కోపం వచ్చింది. "చాకిరీ చేసేదీ నేనే, లెక్క చెప్పుకునేదీ నేనేనా?" అన్నాడు. ఆ కోపం న్యాయమైనదే. అయినా అడిగేవాడు తన గుప్పిట ముందు విప్పకపోతే ఎదుటివాడి బుర్రలో ఆ అంకె ఎప్పుడూ అసలుకంటే పెద్దదిగానే ఉంటుంది. తమ్ముడిని విడిగా అడిగితే, పొలం తోట కలిపి ఏడాదికి రెండు లక్షలు మిగులుతుందని అతని అంచనా. అసలు లెక్క వేశాం. చేను పెద్దబ్బాయే సాగు చేస్తున్నాడు కాబట్టి అతని కష్టాన్ని పక్కనపెట్టి, ఊళ్లో అలాంటి చేనుకి సార్వా, దాళ్వా కలిపి నడిచే కౌలు ఎంతో అంత వేశాం: ఏడాదికి 42,000. తోటలో సుమారు 40 చెట్లు. ఏడాదికి ఎనిమిది దింపులు, దింపుకూలీ, ఎరువు పోగా 30,000. మొత్తం 72,000, అంటే నెలకి 6,000. దింపుల చీటీలు అన్నీ రబ్బరు బ్యాండు వేసి దాచి ఉన్నాయి. వాటిని ఫొటోలు తీసి చెల్లెలికీ తమ్ముడికీ పంపించాడు. ఒక్క మాట కూడా జోడించవద్దని చెప్పాను, జోడించలేదు.

ఖర్చు వైపు ఇద్దరి మందులు 4,200. డైపర్లు రోజుకి మూడు చొప్పున 3,200. ఫిజియోథెరపీ వారానికి మూడుసార్లు, 3,900. పాలు, పళ్లు, మెత్తని ఆహారం 3,000. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి కారు, పరీక్షలు నెలసరి 1,700. ఇది 16,000. పొద్దున్న నాలుగు గంటలు సాయానికి ఊళ్లోంచి ఒక మనిషిని పెడితే 6,000. మొత్తం 22,000. అందులో నాన్న సొంత ఆదాయం 6,000 తీసేస్తే పంచుకోవలసింది 16,000.

ఇక అడగడం. సంక్రాంతి తర్వాత పెద్దబ్బాయి తమ్ముడికి పంపిన మెసేజీ నాకు చూపించాడు: "నాన్నని చూడడానికి నీకు తీరిక ఎప్పుడూ ఉండదు. చదివించినోళ్లకి చేసేది ఇదేనా. కనీసం డబ్బులైనా పంపు." ఇందులో అడిగింది ఒక్క వాక్యమే, అదీ ఎంతో ఎప్పటికో లేదు. మిగతా రెండూ నింద. చదివినవాడు నిందకి జవాబిస్తాడు, అడిగినదానికి కాదు. దాన్ని ముగ్గురం కూర్చుని ఇలా తిరగరాశాం:

"తమ్ముడూ, నాన్నకి ఈ నెల నుంచి పొద్దున్న పూట ఒక మనిషి సాయం కావాలి. మీ వదిన రాత్రి మూడుసార్లు లేస్తోంది, ఆరోగ్యం పాడవుతోంది. నెలకి మొత్తం 22,000 అవుతుంది, నాన్న పొలం, తోట మీద 6,000 వస్తుంది. లెక్క ఫొటో పంపాను, ఏదైనా తేడా అనిపిస్తే అడుగు. మిగతా 16,000లో నువ్వెంత పెట్టగలవు? డబ్బు కాకుండా ఏ పని చేయగలవు? ఆదివారం సాయంత్రం 6 గంటలకి ఫోన్లో మాట్లాడుకుందాం, చెల్లి కూడా ఉంటుంది."

ఇందులో "ఎప్పుడూ" లేదు, "కనీసం" లేదు, పక్షవాతం రాకముందు జరిగిన సంగతి ఒక్కటి లేదు. ముఖ్యంగా "ఎంత పెట్టగలవు" అని అడిగాం, "నీ వాటా ఇంత" అని చెప్పలేదు. చెల్లెలికీ అదే మెసేజీ, పిలుపు మాత్రం మార్చి. ఒకరికి ఒకలాగా, ఇంకొకరికి ఇంకోలాగా పంపితే ఇద్దరూ పోల్చుకుంటారు, మళ్లీ అనుమానం.

ఆదివారం ఫోన్లో ఒకే నియమం పెట్టాను. నవంబరుకి ముందు జరిగింది ఎవరు ఎత్తినా నేను దాన్ని వేరే కాగితం మీద రాసుకుంటాను, కొట్టిపారెయ్యను. ఆ కాగితానికి వేరే రోజు ఉంటుంది. గంటన్నరలో ఆ కాగితం మీదకి ఐదు సంగతులు ఎక్కాయి. 40 సెంట్లు. పసుపు కుంకుమ కింద రాస్తామన్న పొలం ఇంకా రిజిస్టరు కాకపోవడం. అమ్మ గాజులు. ఇంటికి పైకప్పు మార్పించిన ఖర్చు. చిన్నబ్బాయి పెళ్లిలో అన్నావదినలకి జరిగిన ఒక అవమానం. రాసుకున్నాక చదివి వినిపించాను. తను చెప్పింది పోలేదు, కాగితం మీద ఉంది అని తెలిస్తే మనిషి పట్టు కొంచెం వదులుతుంది. "పాతవి మర్చిపోండి" అని ఎంత చెప్పినా వదలని పట్టు అది.

చిన్నబ్బాయి "వంతులేసుకుందాం, నాలుగు నెలలు నా దగ్గరుంటారు" అన్నాడు. మన వైపు చాలా ఇళ్లల్లో ఇదే పద్ధతి, నెలకొకరింట్లో. కొన్నిచోట్ల అమ్మ ఒకరింట్లో, నాన్న ఇంకొకరింట్లో. లేచి తిరిగేవాళ్లకి అది నడవచ్చు. మంచం పట్టిన మనిషిని కారులో అంత దూరం తీసుకెళ్లి, తెలియని మూడో అంతస్తు గదిలో పెడితే, ఫిజియో మారుతుంది, డాక్టరు మారుతుంది, ఏ గోడ ఎటుందో కూడా ఆయనకి తెలియదు. పైగా చిన్నబ్బాయి, భార్య ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. ముందు రోజు నేను అమ్మగారిని అడిగాను. "ఈ అరుగు మీంచి నన్ను లేపద్దమ్మా" అన్నారు. పెద్దాయన ఎడం చేత్తో మంచం పట్టీ పట్టుకుని చూపించారు. ఆ రెండూ నేను ఫోన్లో చెప్పాను. చిన్నబ్బాయి ఇక ఆ మాట ఎత్తలేదు.

చివరికి కుదిరింది ఇది. చిన్నబ్బాయి నెలకి 11,000. కనుమ నాడు అడిగినదానికంటే వెయ్యి ఎక్కువ. లెక్క చూశాక తనంతట తనే చెప్పిన అంకె. అమ్మాయి 3,500, పైగా నెలకి రెండుసార్లు శనివారం వచ్చి రెండేసి రాత్రులు ఉంటుంది. పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా బస్సులో వచ్చేస్తుంది. ఆ నాలుగు రాత్రులు వదిన వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటుంది. పెద్దబ్బాయి డబ్బు పెట్టక్కర్లేదని అందరూ అన్నారు. "రేపు నన్నెవరూ ఏమీ అనకూడదు" అని అతనే 1,500 రాయించాడు. సరిగ్గా 16,000.

చిన్నబ్బాయికి దూరం నుంచి చేయగల పని కూడా ఒకటి అప్పగించాం. ఇద్దరి మందుల చీటీలు, పరీక్షల రిపోర్టులు, డాక్టరు అపాయింట్‌మెంట్లు అతనివి. మందులు అయిపోవడానికి పది రోజుల ముందే అతను ఆర్డరు పెట్టాలి. డబ్బు ఒక్కటే పంపేవాడు ఆ ఇంటికి అప్పిచ్చినవాడిలా తయారవుతాడు. మందుల పేర్లు తెలిసినవాడికి నాన్న బీపీ ఎంతుందో తెలుస్తుంది.

డబ్బు అన్నయ్యకి కాకుండా అమ్మ బ్యాంకు ఖాతాలో వేసేట్టు పెట్టాం. చిన్న తేడాలాగే కనిపిస్తుంది. "అన్నయ్యకి పంపాను" అనడం వేరు, "అమ్మ ఖాతాలో వేశాను" అనడం వేరు. పెద్దబ్బాయికి కూడా చేయి చాపినట్టు ఉండదు. అమ్మగారు తన డిపాజిట్‌లోంచి 20,000 తీసి మొదటిరోజే అందులో వేశారు, ఎప్పుడైనా తక్కువైతే వాడుకోవడానికి. ప్రతి నెలా ఐదో తారీకున ఖర్చు పేజీ ఫొటో గ్రూపులో పెట్టాలి. ఎవరైనా ఇవ్వలేకపోతే ఒకటో తారీకు లోపు మూడు విషయాలు చెప్పాలి: ఎంత ఇవ్వగలను, ఎన్ని నెలలు ఇలా ఉంటుంది, బదులుగా ఏం చేస్తాను.

ఆస్తి సంగతి ఇందులో కలవకుండా చూడడానికి ఒకసారి గట్టిగా నిలబడాల్సి వచ్చింది. ఇల్లు తన పేర రాయిస్తే చాలు, తమ్ముడు ఏమీ పంపక్కర్లేదు అని పెద్దబ్బాయి మధ్యలో అన్నాడు. నేను వద్దన్నాను. మాట సరిగ్గా రాని మనిషి చేత వేయించిన వేలిముద్రని రేపు ఎవరైనా కోర్టులో ప్రశ్నిస్తారు. పైగా రాసిచ్చాక చూడకపోతే ఏమిటి? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తర్వాత చూసుకోకపోతే ఆ రాతని రద్దు చేయమని పెద్దవాళ్లు అడగవచ్చు. ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా రాసి ఉంటేనే అది నిలబడడం తేలిక. ఎప్పుడైనా రాయాల్సి వస్తే అలా రాయించుకోండని అమ్మగారికి చెప్పాను.

అదే చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి ముందు పిటిషన్ వేసుకోవచ్చు, నెలకి 10,000 దాకా భరణం ఇప్పించవచ్చు. కొడుకులతో పాటు కూతుళ్లూ బాధ్యులే. చిన్నబ్బాయి అడిగాడు కాబట్టి చెప్పాను, బెదిరింపుగా ఎవరితోనూ అనలేదు. అన్నదమ్ముల మధ్య ఆ మాట బెదిరింపుగా ఒకసారి వచ్చిందంటే ఇక ఫోన్ ఎత్తడం మానేస్తారు. నిజంగా తిండీ మందూ అందని ఇంట్లో మాత్రం నేనే దగ్గరుండి పిటిషన్ వేయిస్తాను. ఇది ఆ ఇల్లు కాదు.

మార్చిలో మొదలైంది. జులైలో జారింది. ఒకటో తారీకున చిన్నబ్బాయి డబ్బు రాలేదు, తొమ్మిదో తారీకు దాకా రాలేదు. అంతకు ముందు నెలలోనే ఒక గుర్తు కనిపించింది. ఖర్చు పేజీ పెట్టగానే ఏదో ఒకటి అడిగే మనిషి ఆ నెల ఏమీ అడగలేదు. ఇలాంటి ఏర్పాట్లలో డబ్బు ఆగడానికి ముందు ప్రశ్నలు ఆగుతాయి, నేను చాలాసార్లు చూశాను. పెద్దబ్బాయి చెల్లెలికి ఫోన్ చేసి "నేను ముందే చెప్పాను వాడి సంగతి" అన్నాడు. ఆమె నాకు చేసింది. నేను తమ్ముడికి ఫోన్ చేస్తే, ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు, అతని ప్రాజెక్టు పోయింది, ఆ సంగతి అన్నయ్యకి చెప్పడం నామోషీ. "చదువుకుని ఏం లాభం అంటాడండి" అన్నాడు. మళ్లీ ఆ 40 సెంట్లే. ఆ మాట అన్నతో చెప్పమన్నాను, నేను చెప్పలేదు. చెప్పాడు. మూడు నెలలు 5,000 మాత్రమే ఇవ్వగలనన్నాడు. తగ్గిన 6,000 ఇలా సర్దాం: ఫిజియో వారానికి మూడు నుంచి రెండుకి తగ్గించి 1,300, అమ్మాయి అదనంగా 1,500, అమ్మ వేసిన 20,000లోంచి నెలకి 3,200. ఫిజియో తగ్గించడం నాకు ఇష్టం లేదు. తగ్గిన రోజు చేయించాల్సిన చేతి కదలికలు పెద్దబ్బాయి నేర్చుకున్నాడు, రోజూ పొద్దున్న ఇరవై నిమిషాలు చేయిస్తున్నాడు. నోట్‌బుక్‌లో అతని పేరు కొత్తగా ఒక గడిలోకి ఎక్కింది.

పాత సంగతుల కాగితాన్ని కవర్లో పెట్టి బీరువాలో ఉంచారు. దానికి దసరా తర్వాత ఆదివారం అనుకున్నాం. ఆ రోజు ఐదింట్లో రెండే తేలాయి. గాజులు ఎవరి దగ్గరున్నాయో అమ్మగారే చెప్పారు. పైకప్పు ఖర్చు వద్దని పెద్దబ్బాయి వదులుకున్నాడు. పసుపు కుంకుమ పొలం రిజిస్ట్రేషన్ ఇంకా అలాగే ఉంది. పెళ్లిలో జరిగింది వదిన చెప్పింది, చిన్నబ్బాయి విన్నాడు, క్షమాపణ చెప్పలేదు. అది తేలలేదు కదా అని ఆ నెల డబ్బు ఆగలేదు, శనివారం బస్సూ ఆగలేదు.

అట్లతద్దికి వదిన మూడు రోజులు పుట్టింటికి వెళ్లింది, పక్షవాతం వచ్చాక మొదటిసారి. ఆ మూడు రాత్రులు చిన్నబ్బాయి సెలవు పెట్టి వచ్చి నాన్న పక్కన పడుకున్నాడు. రెండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి గ్రూపులో మెసేజీ పెట్టాడు: "రాత్రికి కూడా మనిషిని పెడదాం. వారానికి రెండు రాత్రులైతే ఎంతవుతుందో కనుక్కో అన్నయ్యా." కొత్త ఉద్యోగం అప్పటికి దొరికింది. కనుక్కుంటే నెలకి 3,600 అవుతుందని తేలింది. ఐదో తారీకు పేజీలో ఆ వరస వదిన చేతిరాతతోనే చేరింది.